మొదటి క్లయింట్ కాల్‌లోనే "ఈ 78 బిల్లులు ఎక్కడివి?" అని నన్నడిగారు. ఏం చెప్పాల్సింది?

కొత్త_ఇంటర్న్

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో జనవరి నుంచి ఇంటర్న్‌గా చేస్తున్నాను. మా క్లయింటుకు న్యూయార్క్, న్యూజెర్సీల్లో 24 గంటలూ తెరిచి ఉండే షాపులున్నాయి. వాళ్ల బిల్లులు మా డేటాబేస్‌లోకి వచ్చి పడతాయి. ఏ రోజు ఎన్ని బిల్లులు, ఏ గంటలో ఎన్ని అన్నది రిపోర్టు చేసి మేం పంపిస్తాం. స్క్రిప్టు నేను చేరకముందే ఉంది, రోజూ నడిపి పంపడం నా పని.

నిన్న, సోమవారం మార్చి 10న, నన్ను మొదటిసారి క్లయింట్ కాల్‌లో కూర్చోబెట్టారు. "మ్యూట్‌లో ఉండి విను, చాలు" అన్నారు లీడ్. ఎప్పుడూ 7:30కి ఉండే కాల్ నిన్న సాయంత్రం 6:30కే వచ్చింది. అందరం హడావిడిగా రూమ్‌లోకి పరిగెత్తాం.

పది నిమిషాలు మామూలుగానే నడిచింది. తర్వాత వాళ్ల మేనేజరు రిపోర్టు షేర్ చేసి, ఆదివారం గడి మీద మౌస్ పెట్టి అడిగాడు: "ఆదివారం మా కౌంటర్ మెషిన్లలో 4,812 బిల్లులు. మీ రిపోర్టులో 4,890. శనివారం వరకు ఒక్క బిల్లు కూడా తేడా లేదు. ఈ 78 ఎక్కడివి? రిపోర్టు తయారుచేసే వాళ్లే చెప్తే బాగుంటుంది." లీడ్ నా వైపు చూసి నా పేరు చెప్పేశారు.

నేను అన్‌మ్యూట్ చేసి ఇలా అన్నాను: "కారణం ఇప్పుడు నాకు తెలియదు. శనివారం వరకు సరిపోయిందంటే ఆదివారం నుంచే ఏదో మారింది. గంటల వారీగా తీసి చూసి, రేపు మీ ఉదయానికల్లా మెయిల్ చేస్తాను." ఆయన "సరే, థాంక్స్" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు.

కాల్ అయ్యాక లీడ్ గట్టిగానే అన్నారు. "క్లయింటు ముందు తెలియదు అని ఎప్పుడూ అనకూడదు. డేటా సింక్‌లో ఆలస్యం అంటే అయిపోయేది కదా" అని. సింక్ ఆలస్యమైతే మన దగ్గర బిల్లులు తగ్గాలి కానీ పెరగవు. తెలియని కారణాన్ని తెలిసినట్టు ఎలా చెప్పను?

నేను చెప్పింది తప్పా? ఇంకో మాట, ఆ 78 ఏంటో ఇంకా దొరకలేదు. ఒకే బిల్లు రెండుసార్లు వచ్చిందేమో అని బిల్లు నంబర్లతో చూశాను, ఒక్కటీ లేదు. మెయిల్ ఈ సాయంత్రం వెళ్లాలి.

నెల్లూరు_రాజు

ఏం తప్పు లేదమ్మా. నీ జవాబులో మూడు ముక్కలున్నాయి, మూడూ బాగున్నాయి. టెన్షన్ పడకు.

లీడ్_మోహన్

నేనూ పదేళ్లుగా లీడ్‌గానే ఉన్నాను, కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. "తెలియదు" అన్నందుకు నాకేం అభ్యంతరం లేదు. కానీ "రేపు ఉదయానికల్లా" అని టైమ్ ఇచ్చావు చూడు, అది లీడ్‌ను అడగకుండా ఇచ్చిన మాట. ఆ మాట ఇప్పుడు టీమ్ అందరి నెత్తిన ఉంది. కారణం దొరక్కపోతే వాళ్లకు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆయన కోపం అక్కడి నుంచి వచ్చి, మాట మాత్రం "తెలియదు" మీద పడి ఉంటుంది.

కొత్త_ఇంటర్న్

@లీడ్_మోహన్ గారూ, అలా నేను ఆలోచించలేదు. కానీ టైమ్ చెప్పకుండా "చూస్తాం" అని వదిలేస్తే ఆయన మళ్లీ "ఎప్పటికి?" అని అడిగేవాడు కదా.

క్యాబ్_కష్టాలు

కాల్ 7:30 నుంచి 6:30కి మార్చడం మంచిదే కదా, ఎందుకు బాధ? మా ఆఫీసులో అయితే క్యాబ్ రోస్టర్ మార్చరు. ఆరున్నర కాల్‌కు పాత క్యాబ్‌లోనే వెళ్లాలి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు ముందే మెయిల్ పెట్టు, లేకపోతే నవంబరు దాకా ఇదే గోల.

నెల్లూరు_రాజు

@క్యాబ్_కష్టాలు అన్నా, ఆ అమ్మాయి అడిగింది క్యాబ్ గురించి కాదు 😄

డేటా_బాబాయి

నవ్వకండి, క్యాబ్ గురించి రాసినాయనే దగ్గరికి వచ్చాడు.

అమ్మా, కాల్ ఒక గంట ముందుకు ఎందుకు జరిగిందో ఆలోచించు. మార్చి 9 ఆదివారం తెల్లవారుజామున రెండింటికి న్యూయార్క్‌లో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పారు. వాళ్ల ఉదయం తొమ్మిది మనకు శీతాకాలంలో రాత్రి ఏడున్నర, ఇప్పుడు ఆరున్నర. క్యాలెండర్‌కు ఈ సంగతి తెలుసు కాబట్టి ఇన్వైట్ దానంతట అదే జరిగింది. మీ స్క్రిప్టుకు తెలియదేమోనని నా అనుమానం.

స్క్రిప్టులో బిల్లు సమయాన్ని తేదీగా మార్చే లైను ఒక్కటి ఇక్కడ పెట్టు. టేబుల్ పేర్లు మార్చే పెట్టు, క్లయింటు సంగతులు ఫోరమ్‌లో వద్దు.

పాలకొల్లు_పవన్

బాబాయి చెప్పింది కరెక్ట్. నాకూ ఇలాగే అయింది. చాలా సింపుల్, స్క్రిప్టులో మైనస్ 5 గంటలు అని ఉంటుంది, దాన్ని మైనస్ 4 చేసెయ్. పది సెకన్ల పని.

డేటా_బాబాయి

@పాలకొల్లు_పవన్ రేపటి నుంచి వచ్చే బిల్లులకు అది సరిపోతుంది. కానీ అదే స్క్రిప్టుతో ఫిబ్రవరి రిపోర్టు మళ్లీ తీస్తే, ఇప్పటిదాకా సరిగ్గా ఉన్న ఫిబ్రవరి చెడిపోతుంది. నవంబరులో మళ్లీ 5 చేయాలని ఎవరికి గుర్తుంటుంది? అప్పటికి ఈ అమ్మాయి ఇంటర్న్‌షిప్ అయిపోయి ఉంటుంది.

కొత్త_ఇంటర్న్

బాబాయి గారూ, లైను ఇదే. మైనస్ 5 అని ఎక్కడా లేదు, టైమ్ జోన్ పేరే ఉంది. అందుకే నాకు అనుమానం రాలేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. `created_at` కాలమ్ `timestamptz`.

```sql
(created_at AT TIME ZONE 'EST')::date AS bill_date
```

డేటా_బాబాయి

ఇదే. చూడ్డానికి టైమ్ జోన్ పేరులాగే ఉంటుంది, అదే దీనితో చిక్కు. పోస్ట్‌గ్రెస్‌కు `'EST'` అంటే ఏడాది పొడవునా, ప్రపంచమంతా కొలతగా వాడే యూటీసీ సమయానికి 5 గంటలు వెనక, అంతే. ఎండాకాలం వచ్చినా జరగదు. పరీక్షించడం తేలిక. జనవరి 15 మధ్యాహ్నం 12 యూటీసీని ఒకసారి, జులై 15 మధ్యాహ్నం 12 యూటీసీని ఒకసారి దీంతో మార్చి చూడు. రెండింటికీ ఉదయం 7 అనే వస్తుంది. న్యూయార్క్‌లో ఉన్న మనిషి గోడ గడియారంలో మాత్రం జులైలో 8 అయి ఉంటుంది.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. న్యూయార్క్‌లో శనివారం అర్ధరాత్రి దాటగానే ఆదివారం మొదలైంది. అప్పటికి ఇంకా పాత టైమే, అంటే యూటీసీలో 05:00. మీ స్క్రిప్టు కూడా అక్కడే మొదలుపెట్టింది, ఆ చివర తేడా లేదు. రాత్రి రెండింటికి గడియారం మూడైంది. కాబట్టి వాళ్ల ఆదివారానికి 23 గంటలే. అది సోమవారం యూటీసీ 04:00కే అయిపోయింది. మీ స్క్రిప్టుకు గడియారం తిప్పారన్న సంగతి తెలియదు కదా, అది 24 గంటలు లెక్కపెట్టి 05:00 దాకా వెళ్లింది. అంటే ఆదివారం అర్ధరాత్రి దాటాక, సోమవారం మొదటి గంటలో 12 నుంచి 1 దాకా పడిన బిల్లులు కూడా ఆదివారంలో కలిపేసింది.

నా ఊహ నిజమైతే ఆ ఒక్క గంటలో సరిగ్గా 78 బిల్లులుండాలి. 77 ఉన్నా 80 ఉన్నా వేరే కారణం కూడా ఉన్నట్టే. ఇది నడిపి చెప్పు, సెషన్ టైమ్ జోన్ యూటీసీలో పెట్టి:

```sql
SELECT date_trunc('hour', created_at) AS h, count(*)
FROM bills
WHERE created_at >= '2025-03-10 03:00+00'
  AND created_at <  '2025-03-10 06:00+00'
GROUP BY h ORDER BY h;
```

లీడ్_మోహన్

దీన్ని నడిపేముందు లీడ్‌కు చెప్పు. ప్రొడక్షన్ డేటాబేస్ అయితే ఇంటర్న్ నేరుగా తాకకూడదనే రూలు చాలాచోట్ల ఉంటుంది.

ఫీనిక్స్_శ్రీను

మా అరిజోనాలో ఈ గొడవే లేదు. గడియారం తిప్పం. అందుకే ఎండాకాలం న్యూయార్క్ వాళ్లతో మీటింగ్ అంటే మూడు గంటల తేడా, చలికాలం రెండు. నేను వచ్చిన కొత్తలో ఎవరో మా ఆఫీసు టైమే మార్చారనుకున్నాను.

కొత్త_ఇంటర్న్

లీడ్‌కు చెప్పి, రిపోర్టుల కోసం ఉండే కాపీ మీద నడిపాను. 03:00 వరసలో 91, 04:00 వరసలో 78, 05:00 వరసలో 66.

78!!

లీడ్ లేచి వచ్చి నా స్క్రీన్ చూశారు. ఏం అనలేదు కానీ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు.

నెల్లూరు_రాజు

విజిల్స్ 👏👏 బాబాయి ఎక్కడో కూర్చుని నంబరు చెప్పేశాడు.

ఎడిసన్_సుధ

నేను ఇక్కడ న్యూజెర్సీలో ఒక రిటైల్ కంపెనీలో, అంటే మీరు "క్లయింటు" అనే వైపు పనిచేస్తాను. ఆ మేనేజరు కుర్చీలో కూర్చునే మనిషిగా చెప్తున్నా.

కొత్త_ఇంటర్న్, నీ జవాబులో నాకు పనికొచ్చేది "శనివారం వరకు సరిపోయింది" అన్న ముక్క. దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ఉంటే ఇంకా పనికొచ్చేది: "శనివారం వరకు మా అంకెలు వాడుకోండి, ఆదివారానికి మాత్రం మా మెయిల్ వచ్చేదాకా మీ కౌంటర్ అంకెనే తీసుకోండి" అని. ఎందుకంటే కాల్ అయిన అరగంటకు నేను మా పైవాళ్లకు ఒక అంకె పంపాలి. కారణం రేపు తెలిసినా పర్వాలేదు. ఇవాళ ఏ అంకె పంపాలో మాత్రం ఇప్పుడే తెలియాలి.

"సింక్ ఆలస్యం" అని ఉంటే ఏమయ్యేదో కూడా చెప్తాను. మా ఐటీ వాళ్లను పిలిచి సింక్ లాగ్ చూడమంటాను. అందులో ఆలస్యం ఉండదు. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఒకటికి రెండుసార్లు సరిచూస్తాను.

లీడ్_మోహన్

@ఎడిసన్_సుధ గారూ, మీరు మంచి క్లయింటు. అందరూ అలా ఉండరు. "తెలియదు" అన్న ఒక్క మాట పట్టుకుని, మా అకౌంట్ మీద అనుభవం లేని వాళ్లను పెట్టారని పైకి మెయిల్ కొట్టినవాళ్లనూ చూశాను. ఇంటర్న్‌ను ఆ దెబ్బకు ఎదురు నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఆ ప్రశ్నకు ముందు మాట్లాడాల్సింది లీడే. పేరు చెప్పి తప్పుకోవడం మాత్రం నాకూ నచ్చలేదు.

ఎడిసన్_సుధ

మీ చివరి వాక్యంతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. మొదటి దానితో కాదు. మెయిల్ కొట్టేవాళ్లు అబద్ధం బయటపడినప్పుడు ఇంకా పెద్ద మెయిల్ కొడతారు.

పాలకొల్లు_పవన్

సరే, మైనస్ 4 వద్దు, ఒప్పుకుంటున్నా. `'America/New_York'` అని పెట్టాలి, అంతేగా? మా దగ్గర ఇప్పుడే అలా పెట్టి చూశా, ఇంకా ఘోరం. సమయాలు ముందుకు పోతున్నాయి. రాత్రి తొమ్మిదికి పడిన బిల్లులు మర్నాటి లెక్కలోకి వెళ్లాయి.

డేటా_బాబాయి

మీ కాలమ్ `timestamptz` కాదు, ఉత్త `timestamp` అయి ఉంటుంది. చూసి చెప్పు.

పాలకొల్లు_పవన్

అవును బాబాయ్, ఉత్త `timestamp`. లోపల ఉన్నవి యూటీసీ సమయాలే.

డేటా_బాబాయి

అదీ సంగతి. ఉత్త `timestamp` మీద ఒక్కసారి `AT TIME ZONE` పెడితే పోస్ట్‌గ్రెస్ దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటుంది. "ఇది న్యూయార్క్ గోడ గడియారం సమయం కాబోలు" అనుకుని అక్కడి నుంచి యూటీసీకి తీసుకెళ్తుంది. అందుకే నీకు ముందుకు పోయింది. ముందు ఇది యూటీసీ అని చెప్పి, తర్వాత న్యూయార్క్‌కు మార్చమనాలి. ఇద్దరికీ రెండు లైన్లు:

```sql
-- timestamptz అయితే
(created_at AT TIME ZONE 'America/New_York')::date
-- ఉత్త timestamp, లోపల యూటీసీ అయితే
(created_at AT TIME ZONE 'UTC' AT TIME ZONE 'America/New_York')::date
```

ఊరి పేరుతో ఉన్న జోన్‌కు ఏ ఏడాది ఏ రోజు గడియారం తిప్పారో తెలుసు. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు. అంతకు ముందు వేరే తేదీలు. పాత డేటాకు పాత తేదీలు కూడా అదే చూసుకుంటుంది.

కొత్త_ఇంటర్న్, మార్చాక మూడు రోజులు సరిచూడు. మార్చి 8 మారకూడదు. మార్చి 9 కచ్చితంగా 4,812 రావాలి. ఫిబ్రవరిలో ఏదో ఒక రోజు తీసి పాత రిపోర్టుతో పోల్చు, అదీ మారకూడదు.

రాత్రి_షిఫ్ట్_రాణి

మా కేసు కూడా వినండి. మాకు రాత్రి రెండున్నరకు ఒక జాబ్ నడుస్తుంది, న్యూయార్క్ టైమ్ ప్రకారం పెట్టారు. ఆ ఆదివారం రెండున్నర అనే సమయమే లేదు కదా, రెండు నుంచి నేరుగా మూడే. మా షెడ్యూలర్ ఆ రోజు జాబ్ నడపలేదు. ఎర్రర్ కూడా ఇవ్వలేదు, ఎందుకంటే దాని దృష్టిలో ఏదీ ఫెయిల్ కాలేదు. సోమవారం ఉదయం ఖాళీ ఫైలు చూసి అందరం సర్వర్ మీద పడ్డాం.

నెల్లూరు_రాజు

ఒక డౌటు. ఈ స్క్రిప్టు పోయిన ఎండాకాలం కూడా నడిచిందా? నడిచి ఉంటే మార్చి నుంచి నవంబరు దాకా అన్ని రోజులూ తప్పేగా?

కొత్త_ఇంటర్న్

లీడ్‌ను అడిగాను. ఈ ప్రాజెక్టు డిసెంబరులో మొదలైందట. అప్పటి నుంచి శనివారం వరకు శీతాకాలమే, అందుకే మూడు నెలలూ సరిపోయింది.

డేటా_బాబాయి

అదృష్టవంతులు. ఎందుకంటే ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఇది పట్టుకోవడం కష్టం. సోమవారం లెక్కలో మొదటి గంట పోతుంది, బదులుగా మంగళవారం మొదటి గంట వచ్చి చేరుతుంది. 78 పోయి 75 వచ్చిందనుకో, రోజు మొత్తంలో తేడా మూడే. మూడు బిల్లులంటే ఎవరైనా "రద్దయిన బిల్లులేమోలే" అనుకుని వదిలేస్తారు. ఒక చివర మాత్రమే జరిగిన రోజు ఆదివారమే, కాబట్టి మొత్తం 78 బయటపడ్డాయి. నిన్న అడక్కపోయి ఉంటే నవంబరు దాకా ఎవరూ అడిగేవారు కాదేమో.

రోజు లెక్క కన్నా పెద్ద సమస్య ఇంకోటి ఉంది. గంటల వారీ రిపోర్టు కూడా ఇదే లైనుతో తీస్తున్నారా?

కొత్త_ఇంటర్న్

అవును. అదే `'EST'`.

ఎడిసన్_సుధ

అయ్యో, అది ముందు ఆపించు. షాపుల్లో ఏ గంటకు ఎంతమంది మనుషులు కావాలో ఆ రిపోర్టు చూసే వేస్తాం. ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా కాఫీకి క్యూ ఉంటుంది. నీ రిపోర్టులో అది ఆరు నుంచి ఏడు అని కనిపిస్తుంది. దాన్ని నమ్మి డ్యూటీలు వేస్తే ఆరింటికి ఇద్దరు ఖాళీగా నిలబడతారు, ఏడింటికి ఒక్కడే కౌంటర్ మీద అల్లాడతాడు. 78 బిల్లులు కాగితం మీది తేడా. ఇది మనుషుల మీద పడే తేడా.

మెయిల్‌లో ఈ ముక్క మొదటి పేరాలోనే ఉండాలి. వాళ్లు అడగలేదు కదా అని వదలొద్దు.

లీడ్_మోహన్

అడగనిది చెప్పడం... లీడ్ నిర్ణయానికి వదిలెయ్. కానీ ఆయనకు ఈ పాయింటు రాతలో పంపు. నోటితో చెప్పి ఊరుకోకు.

కొత్త_ఇంటర్న్

సరిచూశాను. మార్చి 8 మారలేదు. మార్చి 9 = 4,812. ఫిబ్రవరి 14 తీశాను, అదీ మారలేదు.

మెయిల్ గురించి లీడ్‌తో కాసేపు చర్చ జరిగింది. ఆయన "చిన్న టైమ్ జోన్ సెట్టింగ్, సరిచేశాం" అని ఒక్క లైను చాలన్నారు. గంటల వారీ రిపోర్టు సంగతి రాతలో పంపాక ఆలోచించి, పెట్టమన్నారు. చివరికి వెళ్లినది ఇది:

"ఆదివారం అదనంగా చూపిన 78 బిల్లులు ఆదివారం అర్ధరాత్రి దాటాక, సోమవారం మొదటి గంటలో 12 నుంచి 1 మధ్య పడినవి. వేసవి టైమ్ మార్పును మా స్క్రిప్టు లెక్కలోకి తీసుకోలేదు. సరైన ఆదివారం మొత్తం 4,812, మీ కౌంటర్ అంకెతో సరిపోతుంది. శనివారం వరకు పంపిన రిపోర్టులు సరైనవే. ఆదివారం ఉదయం మూడింటి తర్వాత గంటల వారీ రిపోర్టులో సమయాలు ఒక గంట ముందుగా కనిపిస్తాయి. సరిచేసిన ఫైళ్లు జతచేశాం, పాతవి తీసేయండి."

ఎడిసన్_సుధ

ఇది నా దగ్గరికి వస్తే ఇంకో ప్రశ్న అడగను. ఆరు వాక్యాల్లో నాకు కావాల్సినవన్నీ ఉన్నాయి.

పాలకొల్లు_పవన్

"మా స్క్రిప్టు లెక్కలోకి తీసుకోలేదు" అని అంత ఓపెన్‌గా రాయాలా? నేనైతే సెట్టింగ్ అనే రాసేవాడిని.

లీడ్_మోహన్

నేనూ సెట్టింగ్ అనే రాసేవాడిని. ఇక్కడ సుధ గారికీ నాకూ కుదరదు, వదిలేద్దాం.

కొత్త_ఇంటర్న్

జవాబు వచ్చేసింది. వచ్చే వారం డ్యూటీలు ఇంకా వేయలేదట, కొత్త ఫైలు చూసి వేస్తామన్నారు. కింద ఇంకో లైను: "నవంబరులో కూడా ఇలాగే అవుతుందా?" లీడ్ ఆ మెయిల్ నాకు ఫార్వర్డ్ చేసి "నువ్వే రాయి, పంపేముందు నాకు చూపించు" అన్నారు. ఊరి పేరు పెట్టాం కాబట్టి కాదు అని రాసేయనా?

డేటా_బాబాయి

రోజు మొత్తాలకు "కాదు" అని రాయొచ్చు. నవంబరు 2 ఆదివారానికి 25 గంటలుంటాయి, ఆ 25 గంటల బిల్లులూ ఆ రోజులోనే పడతాయి. గంటల వారీ రిపోర్టుకు మాత్రం అలా రాయకు. ఆ రాత్రి రెండు కాగానే గడియారం మళ్లీ ఒంటిగంట చూపిస్తుంది, అంటే ఒంటిగంట నుంచి రెండు దాకా రెండుసార్లు వస్తుంది. మీ రిపోర్టులో రెండూ ఒకే వరసలో కలిసి, ఒంటిగంట వరస దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. దాన్ని రెండు వరసలుగా చూపించాలా, కలిపే ఉంచి పక్కన ఒక మాట రాయాలా అన్నది వాళ్లు తేల్చాల్సిన విషయం. మెయిల్‌లో ఆ ప్రశ్న నువ్వే అడుగు.